ధరలు పోల్చే వెబ్‌సైట్‌లో 23,990 కనిపించిన ఫ్రిజ్ ఆ ధరకు ఎక్కడా దొరకడం లేదు, ఎందుకు?

శారద_తెనాలి
అందరికీ నమస్కారం. మా ఇంట్లో పదకొండేళ్ల నాటి ఒంటి తలుపు ఫ్రిజ్ చివరి రోజుల్లో ఉంది. రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటి ఎంచుకున్నాం, కంపెనీ, మోడల్ నిర్ణయమైపోయాయి. ధరలు పోల్చే ఒక వెబ్‌సైట్‌లో వెతికితే మూడు దుకాణాల పేర్లు వచ్చాయి. మొదటి దాంట్లో 23,990, రెండో దాంట్లో 24,790, మూడో దాంట్లో 25,290. పక్కనే 38,990 అని కొట్టేసి, ముప్పై ఎనిమిది శాతం తగ్గింపు అని రాశారు.

నిన్న గుంటూరులో ఒక దుకాణానికి వెళ్తే వాళ్లు 25,800 చెప్పారు. పాత ఫ్రిజ్ 1,500కు తీసుకుంటామన్నారు. ఆ దుకాణానికి మూడు ఊళ్లలో శాఖలున్నాయి, సొంత వెబ్‌సైటూ ఉంది. అయినా ధరలు పోల్చే చోట వాళ్ల పేరే లేదు. నా ప్రశ్నలు రెండు. కొన్ని దుకాణాలను వీళ్లు ఎందుకు వదిలేస్తారు? ఎవరిని పైన, ఎవరిని కింద పెట్టాలో ఎలా నిర్ణయిస్తారు?

సుబ్బారావు_మాస్టారు
అమ్మా శారదా, ఇవి ప్రభుత్వం వాళ్లు నడిపే వెబ్‌సైట్లే కదా? రైతుబజారులో ధరల బోర్డు పెట్టినట్టు. అందులో లేదంటే ఆ దుకాణానికి లైసెన్సు లేదేమో చూడు. ఫ్రిజ్ సంగతికొస్తే నేను కొన్నది పంతొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. అప్పటి ఇనుము వేరు.

కిరణ్_కూకట్‌పల్లి
మాస్టారూ, అవి ప్రైవేటు వాళ్లవి. శారద గారూ, దీంట్లో పెద్ద రహస్యం ఏమీ లేదు. తక్కువ ధర ముందు వచ్చేలా అమర్చుకుని మొదటి దుకాణంలో కొనడమే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ వెబ్‌సైట్ నుంచి లింకు నొక్కి వెళ్తే దుకాణం వాళ్లు మీకు ధర పెంచి చూపిస్తారు, ఎందుకంటే మధ్యవర్తికి కమీషన్ ఇవ్వాలి కదా. అందుకే నేను పేరు చూసుకుని, విడిగా తెరిచి కొంటాను.

వేణుగోపాల్
కిరణ్ గారు సగం సరిగ్గా చెప్పారు. కమీషన్ ఉన్న మాట నిజం. దాని కోసం మీ ఒక్కరికి ధర పెంచుతారన్నది మాత్రం నేను చూసిన పద్ధతి కాదు. బెంగళూరులో ఇలాంటి ఒక సంస్థలో ఆరేళ్లు సరుకుల జాబితా విభాగంలో పని చేశాను, పేరు చెప్పను. కమీషన్ దుకాణం తన లాభంలోంచి ఇస్తుంది. మీరు నేరుగా వెళ్లినా, లింకు మీద వెళ్లినా మామూలుగా ఒకే ధర ఉంటుంది.

కమీషన్ ఉందో లేదో మీరే చూడవచ్చు. లింకు నొక్కి దుకాణం పేజీ తెరుచుకున్నాక పైన చిరునామా పట్టీలో చూడండి. అమెజాన్ అయితే చివర్లో `tag=` అని, ఫ్లిప్‌కార్ట్ అయితే `affid=` అని ఉండి, దాని తర్వాత ఒక పేరు ఉంటుంది. మిమ్మల్ని పంపింది ఎవరో దుకాణానికి చెప్పే గుర్తు అది. మీరు కొంటే ఆ పేరు మీద కమీషన్ జమ అవుతుంది. చాలా వెబ్‌సైట్లకు బతుకుదెరువు అదే. ఇంకో రకం ఉంది, అక్కడ మీరు కొన్నా కొనకపోయినా ప్రతి నొక్కుడికీ దుకాణం కొంత చెల్లిస్తుంది.

శారద గారి మొదటి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. కమీషన్ ఒప్పందం లేని దుకాణాన్ని చూపిస్తే వెబ్‌సైట్‌కు పైసా రాదు, పైగా మనిషి అటు వెళ్లిపోతాడు. కాబట్టి చూపించరు. లేదా చూపించీ చూపించనట్టు పెడతారు, బూడిద రంగులో, బొత్తం లేకుండా, ‘మరిన్ని దుకాణాలు’ అన్న మడత కింద.

శారద_తెనాలి
అంటే గుంటూరు దుకాణం కమీషన్ ఇవ్వనంది కనుక లేదంటారా?

వేణుగోపాల్
అది ఒక కారణం కావచ్చు. రెండోది కూడా ఉంది, చాలామందికి తట్టదు. మాకు దుకాణాల నుంచి రోజూ ఒక ఫైలు వచ్చేది. ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస. పేరు, మోడల్ నంబరు, ధర, నిల్వ ఉందా లేదా, బొమ్మ లింకు, వీలైతే డబ్బా మీది బార్‌కోడ్ అంకెలు. పెద్ద దుకాణాలకు ఆ ఫైలు తయారు చేసే మనుషులు, యంత్రాంగం ఉంటాయి. మూడు శాఖల దుకాణానికి వెబ్‌సైట్ ఉన్నా, అందులో ధర మార్చేది బహుశా కౌంటర్‌లో కూర్చునే కుర్రాడే. వాళ్లను కలుపుకోవాలని మేమే అడిగిన సందర్భాలున్నాయి. ఫైలు వచ్చేది కాదు. వస్తే ‘ఫ్రిజ్ డబుల్ డోర్ నీలం’ అని ఉండేది, మోడల్ నంబరు ఉండేది కాదు. దాన్ని దేనితో జత చేస్తాం?

రఫీ_ఒంగోలు
నాది ఒంగోలులో ఎలక్ట్రానిక్స్ దుకాణం. దుకాణదారుడిగా మూడో కారణం నేను చెబుతాను. మా అసలు ధర ఎక్కడా రాసి ఉండదు, ఉండకూడదు కూడా.

కంపెనీ మాకు ఒక అమ్మకపు ధర చెబుతుంది. మా వ్యాపారంలో దాన్ని ఎంఓపీ అంటాం. డబ్బా మీద అచ్చువేసే ఎంఆర్‌పీ వేరు. శారద గారికి కొట్టేసి చూపించిన 38,990 ఎంఆర్‌పీ, దాన్ని మేమెవరం వసూలు చేయం. ఎంఓపీ కన్నా తగ్గించి బోర్డు మీదో, వెబ్‌సైట్‌లోనో పెడితే కంపెనీ ప్రతినిధి నుంచి ఫోను వస్తుంది, పక్క దుకాణం వాడు ఫిర్యాదు చేశాడని. కౌంటర్ దగ్గర నోటితో చెప్పే ధర ఎవరికీ కనిపించదు కదా. నెలలో ఇన్ని ముక్కలు అమ్మితే ఇంత అని కంపెనీ మాకు విడిగా ఇస్తుంది. ఇరవై ఎనిమిదో తారీఖున ఇంకా రెండు ముక్కలు అమ్మితే లక్ష్యం దాటుతాననుకోండి, ఆ రెండింటికీ నేను చెప్పే ధర వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ ధరను ఏ వెబ్‌సైట్ పట్టుకోగలదు?

కిరణ్_కూకట్‌పల్లి
రఫీ గారూ, మీరు చెప్పేది బేరం ఆడగలిగిన వాళ్లకు. నాలాంటి వాడు దుకాణానికి వెళ్తే ముఖం చూసి ధర చెబుతారు. అంకె తెర మీద ఉంటే నయం.

రఫీ_ఒంగోలు
ముఖం చూసి చెప్పే వాళ్లు ఉన్నారు, కాదనను. అందుకే ఫోన్‌లో ఆ పోలిక పేజీ తెరిచి పట్టుకుని రండి. చూపించగానే సగం బేరం అయిపోతుంది. నేను చూసేది మాత్రం ఆ పేజీలోని మొదటి అంకెను కాదు, లోపలికి వెళ్లి చివర చెల్లించే అంకెను.

మాధవి_లీడ్స్
ఇంగ్లండ్ నుంచి నా అనుభవం చెబుతాను, దుకాణాలు కాదు గానీ కారు బీమా. ఇక్కడ ధరలు పోల్చే వెబ్‌సైట్ చూడకుండా చాలామంది కారు బీమా తీసుకోరు. మేము వచ్చిన కొత్తలో నాలుగు వెబ్‌సైట్లు చూసి, ‘మొత్తం మార్కెట్ చూసేశాం’ అనుకున్నాం. తర్వాత టీవీ ప్రకటన ఒకటి చూశాను. డైరెక్ట్ లైన్ అనే పెద్ద బీమా కంపెనీ, ‘మేము పోలిక వెబ్‌సైట్లలో ఉండం’ అన్న దాన్నే గొప్పగా చెప్పుకునేది! ఏళ్ల తరబడి అలాగే ఉండి 2024లో గానీ వాటిలోకి రాలేదు. తమాషా ఏమిటంటే, అదే సంస్థకు చెందిన చర్చిల్ అనే ఇంకో పేరు మాత్రం ఆ వెబ్‌సైట్లలో అంతకుముందే ఉండేది.

ఇంకో సంగతి. అక్కడ వరుస ధర ప్రకారమే ఉంటుంది, కాబట్టి నమ్మవచ్చు అనుకున్నాను. కానీ ప్రమాదం జరిగితే ముందు మనం జేబులోంచి పెట్టుకోవలసిన సొమ్ము ఒకటుంటుంది, ఎక్సెస్ అంటారు. దాంట్లో కొంత మనం ఎంచుకుంటాం, మిగతాది కంపెనీ నిర్ణయిస్తుంది. వరుసలో మొదట వచ్చిన వాటిలో కంపెనీ పెట్టిన ఎక్సెస్ ఎక్కువగా ఉండేది. వరుస అబద్ధం కాదు, ఆ వరుస దేన్ని లెక్కలోకి తీసుకోలేదో తెలుసుకోవాలి.

సుబ్బారావు_మాస్టారు
మాధవమ్మా, నా ఆరోగ్య బీమా కూడా ఫోన్‌లో పోల్చి తీసుకోమంటున్నాడు మా అబ్బాయి. వయసు డెబ్బై మూడు. ఏది తీసుకోమంటారు?

మాధవి_లీడ్స్
మాస్టారూ, ఇండియాలో పద్ధతులు నాకు తెలియవండి. వేరే చర్చగా పెట్టండి, తెలిసిన వాళ్లు చెబుతారు.

నిహారిక_విశాఖ
మాస్టారు గారికి ఒక్క మాట. నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. ఇండియాలో బీమా పోలిక వెబ్‌సైట్లకు, బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2017లో నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రకారం అవి పాలసీలకు రేటింగులు, ర్యాంకులు ఇవ్వకూడదు, ‘ఎక్కువగా అమ్ముడయ్యేవి’ అని చూపించకూడదు. కాబట్టి అలాంటి వెబ్‌సైట్‌లో ‘అత్యుత్తమం’ అన్న ముద్ర కనబడితే దాన్ని పట్టించుకోకండి.

వస్తువుల విషయంలో 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. అమ్మకందారులకు వేదికగా ఉండే వెబ్‌సైట్లు తమ వరుసను ముఖ్యంగా ఏ అంశాలు నిర్ణయిస్తాయో, వాటిలో దేనికెంత ప్రాధాన్యమో సులభమైన భాషలో చెప్పాలి. అంటే శారద గారి రెండో ప్రశ్న అడిగే హక్కు చట్టంలోనే ఉంది.

వేణుగోపాల్
నిహారిక గారూ, ఆ నిబంధన సరుకు అమ్మే వేదికలకు. పోలిక వెబ్‌సైట్ తాను ఏమీ అమ్మదు, లింకు ఇచ్చి ఊరుకుంటుంది. దానికి వర్తిస్తుందా?

నిహారిక_విశాఖ
మా తరగతిలో కూడా దీని మీద రెండు వర్గాలైపోయాం. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపే వేదిక కనుక వర్తిస్తుందని నేనంటాను. డబ్బు అక్కడ చేతులు మారదు కనుక వర్తించదని మా స్నేహితురాలు అంటుంది. ఇంకా తేలలేదు. వరుసలో పక్షపాతం చూపినందుకు పెద్ద సంస్థలకు దెబ్బ తగిలిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. 2017లో యూరోపియన్ కమిషన్ గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా వేసింది, తన సొంత ధరల పోలిక సేవను పైన పెట్టి పోటీ వెబ్‌సైట్లను కిందికి నెట్టిందని. 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది. మన దగ్గర కాంపిటిషన్ కమిషన్ 2018లో అదే సంస్థకు వెతుకులాట ఫలితాల పక్షపాతం మీద 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో విమాన టికెట్ల పెట్టెను పేజీలో ఎక్కడ పెట్టారన్నది కూడా ఒక అంశం.

కిరణ్_కూకట్‌పల్లి
కోట్ల సంగతి సరే, శారద గారి 23,990 ఏమైంది?

శారద_తెనాలి
అదే చెప్పబోతున్నాను. వేణుగోపాల్ గారి మాట విన్నాక రాత్రి కూర్చుని మూడు లింకుల్లోకీ చివరి పేజీ దాకా వెళ్లాను, డబ్బు కట్టే చోటు వరకు.

మొదటిది: లోపల ధర 25,490. ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు మీద, అదీ ఆరు నెలల వాయిదాలు పెట్టుకుంటే 1,500 తగ్గుతుంది. అప్పుడు 23,990. నా దగ్గర ఆ కార్డు లేదు, మా తమ్ముడి దగ్గర ఉంది.

రెండోది: ధర 24,790 నిజంగానే ఉంది. కానీ ఫొటోలో తలుపు మీద అంటించిన నక్షత్రాల చీటీలో రెండే నక్షత్రాలు ఉన్నాయి. నేను చూసినది మూడు నక్షత్రాలది.

మూడోది: మా పిన్‌కోడ్ 522201 కొట్టగానే 25,290 కాస్తా 25,640 అయింది.

మూడింటిలో ఒక్క చోటా నాకు కావలసిన ఫ్రిజ్ బయట కనిపించిన అంకెకు రాదు. మొదటి దాన్ని తమ్ముడి కార్డు మీద తీసుకోమంటారా?

వేణుగోపాల్
ముందు ఆ లెక్క వేద్దాం. వాయిదాల మీద వడ్డీ ఎంత అని ఉంది?

శారద_తెనాలి
ఏడాదికి పదహారు శాతం అని ఉంది. ప్రాసెసింగ్ రుసుము 199, దాని మీద జీఎస్‌టీ.

వేణుగోపాల్
అయితే చూడండి. 23,990కి ఆరు నెలల వాయిదాల్లో వడ్డీ సుమారు 1,132 అవుతుంది. ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్‌టీ, అంటే 204. రుసుము జీఎస్‌టీతో కలిపి 235. అన్నీ కూడితే 25,561. వాయిదాలు లేకుండా నేరుగా కొంటే 25,490. తగ్గింపు తీసుకున్నందుకు మీ తమ్ముడు డెబ్బై ఒక్క రూపాయలు ఎక్కువ కడతాడు.

పోలిక వెబ్‌సైట్ 23,990 అని ఎందుకు చూపించిందంటే, కార్డు తగ్గింపు తీసేసిన ధరనే కొన్ని దుకాణాలు ఫైలులో పంపుతాయి. తక్కువ అంకె పంపితే వరుసలో పైకి వస్తారు. మేము పట్టుకుని కొన్నిసార్లు తీసేసేవాళ్లం, ప్రతిసారీ కాదు.

రెండో దాని సంగతి జతపరచడంలో జరిగే పొరపాటు. ఫైలులో బార్‌కోడ్ అంకెలు లేకపోతే మేము పేరు, లీటర్లు, రంగు చూసి ఇది అదే అని కలిపేవాళ్లం, ఎక్కువ భాగం యంత్రమే కలిపేది. ఫ్రిజ్ మోడల్ నంబరులో చివరి రెండు మూడు అక్షరాలు చాలా చెబుతాయి. రంగు, నక్షత్రాలు, ఏ ఏడాది సరుకు అన్నవి అక్కడే ఉంటాయి. యంత్రం మొదటి ఆరు అక్షరాలు చూసి సరిపెట్టుకుంటుంది. దుకాణం పేజీలోని మోడల్ నంబరును అక్షరం అక్షరం మీరు రాసుకున్న దానితో సరిచూడటం తప్ప దీనికి వేరే దారి లేదు. నక్షత్రాలు కూడా జాగ్రత్త. 2023 జనవరిలో ఫ్రిజ్‌ల ప్రమాణాలు కఠినం చేశారు. పాత సరుకు మీది మూడు నక్షత్రాలూ కొత్త సరుకు మీది మూడు నక్షత్రాలూ ఒకటి కావు. నక్షత్రాలను వదిలేసి చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఉంటుందో, చీటీ ఏ ఏడాదిదో చూడండి.

రఫీ_ఒంగోలు
ఈ చీటీ మాట వేణుగోపాల్ గారు చెప్పారు గానీ, పాత చీటీ సరుకును గోడౌన్ ఖాళీ చేయడానికి తక్కువకు ఇస్తారు. తెలిసి కొంటే తప్పేమీ లేదు. తెలియక కొనడమే బాధ.

కిరణ్_కూకట్‌పల్లి
పిన్‌కోడ్ కొడితే ధర ఎందుకు మారింది? అది మాత్రం మోసమే కదా.

వేణుగోపాల్
కాదండీ. ఒకే పేజీలో ఒకే ఫ్రిజ్‌ను నలుగురు అమ్మకందారులు అమ్ముతుంటారు. తక్కువ ధర వాడి గోడౌన్ హైదరాబాద్ పక్కన ఉందనుకోండి, తెనాలికి ఫ్రిజ్ పంపడు. అప్పుడు పేజీ రెండో అమ్మకందారుడిని ముందుకు తెస్తుంది, ధర మారుతుంది. పోలిక వెబ్‌సైట్ మిమ్మల్ని పిన్‌కోడ్ అడగదు, ఏదో ఒక పెద్ద నగరం ధర తెచ్చి చూపిస్తుంది. ఫోను, ఇయర్‌ఫోన్ లాంటి చిన్న వస్తువులకు మామూలుగా తేడా రాదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం లాంటి వాటికి వస్తుంది. తెనాలి, నరసరావుపేట, కందుకూరు వాళ్లు పెద్ద వస్తువుల విషయంలో పిన్‌కోడ్ కొట్టేదాకా ఏ అంకెనూ నమ్మకండి.

శారద_తెనాలి
ఇప్పుడు అర్థమైంది. కానీ వరుస సంగతి ఇంకా చెప్పలేదు. నాకు మొదట తెరిచినప్పుడు ధర ప్రకారం రాలేదు. 25,290 దుకాణం పైన ఉంది. ‘తక్కువ ధర ముందు’ అని నేను మార్చాకే 23,990 పైకి వచ్చింది.

వేణుగోపాల్
మంచి ప్రశ్న, దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. మీరు ఏమీ మార్చకుండా కనిపించే వరుసకు ‘జనాదరణ’ అనో ‘సిఫారసు’ అనో పేరుంటుంది. మా దగ్గర ఆ వరుసను నడిపిన లెక్క ఒక్కటే, ఒక నొక్కుడికి సగటున ఎంత వస్తుంది అని.

ఉదాహరణ తీసుకోండి. ఒక దుకాణం ఒక శాతం కమీషన్ ఇస్తుంది. పాతిక వేల ఫ్రిజ్ మీద 250. వంద మంది నొక్కితే ముగ్గురు కొంటారు. అంటే వంద నొక్కులకు 750, నొక్కుకు ఏడున్నర రూపాయలు. రెండో దుకాణం నాలుగు శాతం ఇస్తుంది, అంటే వెయ్యి. దాని ధర ఎక్కువ కనుక వంద మందిలో ఒక్కరే కొంటారు. అయినా నొక్కుకు పది రూపాయలు. పైకి వెళ్లేది రెండోదే. ఎవరూ కావాలని మిమ్మల్ని మోసం చేయలేదు, ఆ లెక్క అలా నడుస్తుంది అంతే. పండుగ రోజుల్లో దుకాణాలు కమీషన్ పెంచేవి, రాత్రికి రాత్రి వరుస మారిపోయేది.

‘తక్కువ ధర ముందు’ అని మార్చుకుంటే కమీషన్ ప్రభావం చాలావరకు పోతుంది. అప్పుడు ముందు చెప్పిన చిక్కులు వస్తాయి, కార్డు ధర పంపినవాడు, వేరే మోడల్ వాడు పైకి చేరతారు. ‘ఎక్కువ తగ్గింపు ముందు’ అన్నది మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. అది ఎంఆర్‌పీతో పోల్చిన శాతం. ఎంఆర్‌పీ ఎక్కువగా అచ్చువేసినవాడే అందులో గెలుస్తాడు.

నిహారిక_విశాఖ
డబ్బు తీసుకుని పైన పెట్టిన దానికి ‘ప్రకటన’ అని రాయకపోతే అది 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవాళ్లను తెలియకుండా తప్పుదారి పట్టించే ఎత్తుగడల, మార్గదర్శకాల కిందికి వస్తుంది. మారువేషంలో ఉన్న ప్రకటన అని అందులో విడిగా పేర్కొన్నారు. కమీషన్ వల్ల పైకి వచ్చిన వరుసను ప్రకటన అనవచ్చా అన్నదే చిక్కు.

వేణుగోపాల్
మా కంపెనీ లాయరు అనకూడదనే వాదించేవాడు. నాకు మాత్రం ఆ రోజుల్లో కూడా మనసు ఒప్పేది కాదు.

మాధవి_లీడ్స్
ఒక వెబ్‌సైట్ ఎవరిని వదిలేసిందో బయటివాళ్లం కనిపెట్టే మార్గం ఉందా, వేణుగోపాల్ గారూ?

వేణుగోపాల్
నేను చేసే పరీక్ష చెబుతాను. ఫ్రిజ్ తయారు చేసే కంపెనీకి సొంత అమ్మకపు వెబ్‌సైట్ ఉంటుంది కదా. అక్కడ అమ్ముతున్న ఒక మోడల్ తీసుకుని పోలిక వెబ్‌సైట్‌లో వెతకండి. కంపెనీ సొంత దుకాణం జాబితాలో ఉందా? మీ ఊళ్లో అందరికీ తెలిసిన రెండు పెద్ద దుకాణాల వెబ్‌సైట్లు ఉన్నాయా? అలాగే ఇంకో రెండు వస్తువులతో చేయండి. అన్నిసార్లూ అవే రెండు మూడు పేర్లు వస్తే, ఆ వెబ్‌సైట్ మార్కెట్‌ను చూపించడం లేదు, తనతో ఒప్పందం ఉన్నవాళ్లను చూపిస్తోంది. పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘మేము కమీషన్ పొందవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది, దాన్ని నొక్కితే కొందరు దుకాణాల జాబితా కూడా ఇస్తారు.

కిరణ్_కూకట్‌పల్లి
పాత ధరల గీత చూపించేవి ఉన్నాయి కదా, ఆరు నెలల్లో ఎప్పుడు ఎంత ఉందో. నాకు అవే నమ్మకం. గీత కిందికి వచ్చినప్పుడు కొంటాను.

రఫీ_ఒంగోలు
కిరణ్ గారూ, ఆ గీత కూడా చూశాను. పండుగ ముందు వారం ధర పైకి వెళ్తుంది, పండుగ రోజు కిందికి దిగుతుంది. దిగిన చోటు మామూలు ధరే.

వేణుగోపాల్
గీత పనికొస్తుంది, రఫీ గారు చెప్పిన ఎత్తుగడను పట్టించేది కూడా అదే. దాని పరిమితి ఏమిటంటే, వాళ్లు వచ్చి చూసిన క్షణంలో పేజీ మీద ఉన్న అంకె మాత్రమే రాసుకుంటుంది. కూపన్, కార్డు తగ్గింపు, పాత వస్తువుకు ఇచ్చేది అందులో ఉండవు. మధ్యలో నిల్వ అయిపోయి, ఎవరో ఒక్కడు నలభై వేలకు పెట్టినా గీత పైకి లేస్తుంది. ఒక్కరోజు శిఖరాన్నీ ఒక్కరోజు లోయనూ వదిలేసి, ఎక్కువ రోజులు ఎక్కడ నిలబడిందో అక్కడ చూడండి.

కిరణ్_కూకట్‌పల్లి
మరి పండుగ దాకా ఆగమంటారా, వద్దంటారా?

రఫీ_ఒంగోలు
వద్దు.

మాధవి_లీడ్స్
ఆగండి. ఇండియా వచ్చినప్పుడల్లా మేము దసరాకే కొంటాం.

శారద_తెనాలి
ఆగడానికి లేదండీ, ఈ ఉదయం ఫ్రిజర్‌లో మంచు కూడా కరిగిపోయింది. ఆ ఫ్రిజ్ ఇక లేనట్టే.

నిన్న సాయంత్రం చేసింది చెబుతాను. మూడో దుకాణంలో పాత ఫ్రిజ్‌కు ‘2,500 వరకు’ అని ఉంది. ఒంటి తలుపు, పదకొండేళ్లు అని వివరాలు ఇస్తే 700 చూపించింది. అంటే 25,640లో 700 పోగా 24,940. గుంటూరు దుకాణం వాళ్లది 25,800లో 1,500 పోగా 24,300. తెనాలికి చేర్చి, మేడ మీదికి ఎక్కించే కూలీ కూడా అందులోనే. మోడల్ నంబరు చివరి అక్షరాలు ఫోన్‌లో చదివించుకున్నాను. చీటీ మీద ఏడాది, యూనిట్లు ఫొటో తీసి పంపమన్నాను, పంపారు. రఫీ గారు చెప్పినట్టు 24,940 ఉన్న చివరి పేజీని వాళ్లకు పంపాను. ‘మేడమ్, మేము అంతకన్నా తక్కువే కదా’ అన్నారు. ఇంకో మూడు వందలు తగ్గించి స్టాండు ఉచితంగా ఇస్తారా అని అడిగాను.

రఫీ_ఒంగోలు
ఈ రోజు తారీఖు ఎంత?

శారద_తెనాలి
ఇరవై ఏడు.

రఫీ_ఒంగోలు
రేపు మధ్యాహ్నం ఇంకోసారి ఫోను చేయండి. ముందు వాళ్లనే మాట్లాడనివ్వండి.

సుబ్బారావు_మాస్టారు
అమ్మా, పాత ఫ్రిజ్ వాళ్లకు ఇచ్చేముందు లోపలి గాజు అర ఒకటి తీసి నాకు ఇస్తావా? మా దానిది పగిలింది.